మూడా, ఎనిమిదా? పసుపు మరక తుడవడానికీ అంకె దిద్దడానికీ మధ్య

శ్రీకాకుళంలో ఏడురోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో మా షాపు. ఫొటోలు, జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు అన్నీ ఒక్క గదిలోనే. ఆర్మీ ర్యాలీ నోటిఫికేషన్ పడిందంటే ఆ వారం మాకు భోజనానికి కూడా టైముండదు. ఈ జిల్లా నుంచి సైన్యంలోకి వెళ్లే కుర్రాళ్లు ఎక్కువ. వాళ్లందరికీ కావలసింది ఒకటే, పదో తరగతి మెమో స్కాను. పుట్టిన తేదీకి రుజువు అదే కాబట్టి.

ఒకసారి నరసన్నపేట అవతలి ఊరి నుంచి తండ్రీ కొడుకులు వచ్చారు. మెమో ట్రంకుపెట్టెలో పసుపుకొమ్ముల మూట పక్కన ఉండిపోయిందట. కాగితంలో మూడో వంతు పసుపు, దాని మీద నూనె. పైగా నాలుగు మడతలు పెట్టి దాచారు. ఆ మడతల్లో ఒకటి సరిగ్గా పుట్టిన తేదీ మీదుగా పోయింది. నెల అంకెలో సున్నా బాగానే ఉంది. దాని పక్క అంకెకే ఎడమవైపు సిరా రాలిపోయింది. చూస్తే మూడులా ఉంది. కానీ ఎనిమిదికి ఎడమ పక్క చెరిగిపోయినా మూడులాగే ఉంటుంది కదా.

"అది ఎనిమిదే బాబూ," అన్నాడు తండ్రి. "ఆడు శ్రావణమాసంలో పుట్టాడు, నాకు తెల్దా? ఈ మాత్రం గీత గియ్యలేవా నువ్వు?"

మార్చి అయితే కుర్రాడికి వయసు దాటిపోయినట్టే. ఆగస్టు అయితే సరిపోతుంది. ఎడమ పక్క రెండు చిన్న వంపులు గీస్తే చాలు, సాఫ్ట్‌వేర్‌లో అర నిమిషం పని. అదే మెమో మీద పసుపు తీసేయడానికి నాకు పావుగంట పట్టింది. పావుగంట పట్టింది రిటచింగ్, అర నిమిషంలో అయిపోయేది ఫోర్జరీ కావచ్చు. ఎంత మార్చామన్నదాన్ని బట్టి ఈ తేడా తెలియదు. పేజీలో సగం పిక్సెళ్లు మారినా ఏ తప్పూ ఉండకపోవచ్చు, నాలుగు పిక్సెళ్లు మారితే జైలు కావచ్చు.

ముందు పసుపు సంగతి. కలర్ స్కానులో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలుంటాయి. పసుపు మరక నీలం కాంతిని మింగేస్తుంది, ఎరుపునీ ఆకుపచ్చనీ వెనక్కి పంపిస్తుంది. అందుకే ఫొటోషాప్‌లో `Channels` తెరిచి `Blue` ఒక్కటే చూస్తే మరక నల్లగా కనిపించి అక్షరాలు అందులో మునిగిపోతాయి. `Red` ఒక్కటే చూస్తే మరక దాదాపు మాయమై, నల్ల సిరా మాత్రం నిలబడుతుంది. ఇక్కడ నేను కొత్తగా రాసిందేమీ లేదు. కాగితం మీద ఉన్నదాన్నే వేరే రంగు అద్దంలోంచి చూశానంతే. ఆ స్కాను ఇంకొకరికిచ్చి ఇలాగే చేయమంటే వాళ్లకూ ఇదే వస్తుంది.

ఇందులోనూ ఒక గొయ్యి ఉంది, నేను మొదట్లో పడ్డాను. `Red` చానెల్‌లో పసుపు ఎలా మాయమవుతుందో, ఎర్ర సిరా కూడా అలాగే మాయమవుతుంది. ఒక మెమో మీద ఎర్రగా కొట్టిన "డూప్లికేట్" ముద్ర ఇలాగే ఎగిరిపోయింది. కస్టమరూ చూడలేదు, నేనూ చూడలేదు. ప్రింటు చేతిలోకి వచ్చాక అసలు పక్కన పెట్టి చూస్తే తెలిసింది. ఎవరికీ దురుద్దేశం లేకపోయినా ఆ కాపీ అబద్ధం చెబుతోంది. అప్పటినుంచి మొత్తం చానెల్ తీసుకోవడం మానేశాను. `Hue/Saturation`లో `Yellows` ఎంచుకుని ఆ ఒక్క రంగునే తేలిక చేస్తాను. ఎర్ర ముద్ర, ఊదా రంగు సీలు, ఆకుపచ్చ సంతకం ఎక్కడివక్కడ ఉంటాయి. ముట్టుకోని కలర్ స్కానును ఇంకో ఫైలుగా కస్టమర్ పెన్‌డ్రైవ్‌లో వేసిస్తాను. ఎవరైనా అడిగితే రెండూ పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.

మనిషి చెయ్యి పడకుండానే అంకెలు మారిన సంగతి కూడా ఒకటుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ స్కానర్లు కొన్ని అంకెల్ని తారుమారు చేస్తున్నాయని బయటపెట్టాడు. ఆరు ఉన్నచోట ఎనిమిది వస్తోంది. ఫైలు సైజు తగ్గించడానికి ఆ మెషీన్ ఒకే పోలిక ఉన్న అక్షరాల్ని ఒకే ముద్రగా లెక్కేసి, ఒకదాని చోట ఇంకొకటి అతికించేది. ఫలితం తప్పే, కానీ దాన్ని ఫోర్జరీ అనలేం, ఎందుకంటే మోసం చేద్దామన్న మనిషి అక్కడ లేడు.

పసుపు తీసినట్టే మడతలో పోయిన గీతను ఎందుకు గీయకూడదు? ఉన్న సిరా పాలిపోతే ముదురు చేయొచ్చు. `Levels` కదిపితే మసక గీత స్పష్టమవుతుంది, లేని గీత పుట్టదు. రాలిపోయిన సిరా కాగితం మీద లేదు, స్కానులో లేదు. అక్కడ నేను గీసేది ఎక్కడి నుంచో రావాలి. `Clone Stamp` అయితే మెమోలో ఇంకోచోటున్న ఎనిమిది నుంచి వస్తుంది, లేకపోతే తండ్రి మాట నుంచి వస్తుంది. అది బోర్డు అచ్చువేసిన అంకె మాత్రం కాదు. చూసేవాడు మాత్రం బోర్డు వేసిందే అనుకుంటాడు.

చట్టం పట్టుకునేది సరిగ్గా దీన్నే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలవుతోంది. దాని 335వ సెక్షన్ దొంగ పత్రం తయారుచేయడమంటే ఏమిటో చెబుతుంది. మన పనికి సంబంధించి అందులో రెండు దారులున్నాయి. ఒకరు చేయని పత్రాన్ని వాళ్లే చేసినట్టు నమ్మించడానికి తయారుచేయడం ఒకటి. ఒకరు చేసిన పత్రాన్ని, అధికారం లేకుండా, ముఖ్యమైన భాగంలో మార్చడం రెండోది. మోసబుద్ధితో చేయడమన్నది రెండింటికీ ఉంది. ఆ సెక్షన్ కిందే ఇచ్చిన ఉదాహరణ చదివితే ఇంకేమీ అక్కర్లేదు. ఒకాయన రాసిచ్చిన పదివేల రూపాయల పత్రంలో, దాన్ని పట్టుకొచ్చినవాడు ఒక సున్నా చేర్చి లక్ష చేశాడు. ఒకే ఒక్క సున్నా.

అంటే మూడు ప్రశ్నలు. మార్చిన చోటు ముఖ్యమైనదా? మార్చే అధికారం నీకుందా? ఎవరినైనా మోసం చేద్దామనే మార్చావా? పసుపు మరక ఏమీ చెప్పదు కాబట్టి మొదటి ప్రశ్న దగ్గరే అది బయటపడుతుంది. పుట్టిన నెల అంకె ఈ మెమోలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు. మార్చే అధికారం బోర్డుది, నాది కాదు, తండ్రిది అసలే కాదు. మిగిలింది ఉద్దేశం.

ఈ ఉద్దేశం దగ్గరే మా వాళ్లు ఎక్కువగా పొరబడతారు. "నిజమే కదా రాసింది, తప్పేటి?" అంటారు. దీనికి సుప్రీంకోర్టు 1962లో డాక్టర్ విమల కేసులో ఇచ్చిన తీర్పు చూడాలి. ఆవిడ తన డబ్బుతో కారు కొని, నెలల పసిపాప అయిన కూతురు నళిని పేరు మీద పెట్టింది. ఇన్సూరెన్స్ కూడా ఆ పేరు మీదికే మారింది. కారు దెబ్బతిన్నప్పుడు క్లెయిము కాగితాల మీద "నళిని" అని ఆవిడే సంతకం చేసింది. సంతకం అబద్ధమే. కానీ కంపెనీకి దానివల్ల నష్టమేమీ లేదని, తన పేరుతో అడిగినా ఆవిడకు అంతే వచ్చేదని కోర్టు చూసింది. మోసపూరితం అనాలంటే వంచన ఒక్కటే చాలదు, ఎవరికో హాని కూడా ఉండాలంటూ ఆవిడను విడిచిపెట్టింది.

ఇది విని మురిసిపోవడానికి లేదు. హాని అంటే డబ్బు నష్టమే కానక్కర్లేదని అదే తీర్పు చెప్పింది. వయసు దాటినవాడు ర్యాలీలో నిలబడితే, ఆ చోటు దక్కాల్సిన ఇంకో కుర్రాడు బయటుంటాడు. అంకె నిజంగా ఎనిమిదే అయితే అలాంటి హాని లేదు, తండ్రిని మోసగాడనడానికీ లేదు. కానీ ఎనిమిదని నాకెలా తెలుసు? నా ముందున్నది ఒక మనిషి మాట. నేను ఆ గీత గీస్తే ఆ మాటకు బోర్డు ముద్ర వేసినట్టవుతుంది. పైగా ఉద్దేశం ఎంత మంచిదైనా, వెరిఫికేషన్‌లో దిద్దిన అంకె కనిపిస్తే నిజమైన మెమో కూడా అనుమానంలో పడుతుంది. నేరం కాకపోవడం వేరు, చెల్లడం వేరు.

ఆ తండ్రికి చెప్పాల్సింది ఇంకోటుంది. మన పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ అంకెల్లోనే కాదు, అక్షరాల్లో కూడా ఉంటుంది. అక్షరాల వరుస పూర్తిగా పసుపు కింద ఉండిపోయి, వాళ్లకు చాలాకాలంగా కనిపించలేదు. 600 డీపీఐలో మళ్లీ స్కాన్ చేసి, పసుపును మాత్రమే తేలిక చేశాను. మానిటర్ దగ్గరికి జరిగి ముగ్గురం చూశాం. నెల చోట ఎనిమిదే. తండ్రి కుర్చీలో వెనక్కి వాలి "నే సెప్పలేదా" అన్నాడు కొడుకుతో.

అయినా అంకె చోట గీత గీయలేదు. చెరిగిన అంకె చెరిగినట్టే ఉంది, దాని కింద అక్షరాలు నిజం చెబుతున్నాయి. అప్‌లోడ్‌కు అది చాలు. అసలు మెమో మాత్రం ఇలాగే పట్టుకెళ్తే ప్రతిచోటా టెన్షనే. అందుకే డిజిలాకర్‌లో ఆ సంవత్సరం మెమో దొరుకుతుందేమో చూడమన్నాను. ఐటీ నిబంధనల ప్రకారం బోర్డు నేరుగా అక్కడ పెట్టిన పత్రం అసలుతో సమానం. లేదంటే చదివిన స్కూల్ హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి డూప్లికేట్ కోసం పెట్టుకోవాలి. నెలలు పట్టొచ్చు. కానీ పోయిన అంకెను మళ్లీ వేసే హక్కున్నది వాళ్లకే.

పనిముట్టును బట్టి మంచీ చెడూ తేల్చేద్దామనుకుంటే అదీ కుదరదు. కొత్తగా చేరిన కుర్రాడికి నేను మొదట చెప్పింది "పేజీ మొత్తానికి ఒకేలా చేసేవి పర్లేదు, ఒకచోట అతికించేవి వద్దు" అని. కొన్నాళ్లు బాగానే నడిచింది. తర్వాత ఒకాయన ఆదాయ సర్టిఫికెట్ తెచ్చి, కింది రెండంగుళాలు `Crop` చేయమన్నాడు. ఆ రెండంగుళాల్లోనే ఉంది చెల్లుబాటు తేదీ, అది దాటిపోయింది. కత్తిరించడంలో ఒక్క అక్షరం కూడా మారదు. అయినా కాగితం చెప్పే సంగతి మారిపోతుంది. ఇంకోవైపు, ఖాళీ మార్జిన్‌లో టీ మరకను `Clone Stamp`తో తీస్తే ఎవరికీ ఏ నష్టమూ లేదు. కాబట్టి కుర్రాడికి మాట మార్చి చెప్పాను: ఏ బటన్ నొక్కావని కాదు, కాగితం అందుకున్నవాడు దాంట్లో ఏం చదువుకుంటాడో ముందొకసారి, తర్వాతొకసారి చూడు.

దాచడంలోనూ ఇదే తేడా. ఆధార్ కాపీ ఇచ్చేటప్పుడు మొదటి ఎనిమిది అంకెల మీద నల్ల పట్టీ వేయమంటారు కొందరు. వేస్తాను. దాచామని ఆ పట్టీయే చెబుతోంది. యూఐడీఏఐ తానే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తోంది, అది తీసుకుంటే ఇంకా మంచిది. కానీ పాత అడ్రసు చెరిపి, అక్కడ కాగితం రంగు పూసి, అద్దింటి అడ్రసు టైపు చేయమంటే అది దాచడం కాదు. నిజంగా ఆ ఇంట్లోనే ఉంటున్నా సరే. ఆధార్ మీది క్యూఆర్ కోడ్‌లో పేరు, పుట్టిన తేదీ, అడ్రసు యూఐడీఏఐ డిజిటల్ సంతకంతో ఉంటాయి. పైన అక్షరాలు మార్చినా కోడ్ పాత అడ్రసే చదువుతుంది. స్కాన్ చేసిన క్లర్కుకు రెండు సెకన్లలో దొరికిపోతారు. ఇలా కోడ్ ఉన్న కాగితాల్ని దిద్దడం ఒట్టి తెలివితక్కువ పని. అడ్రసు మార్చుకోవడానికి ఆధార్ సెంటరే ఉంది. పుట్టిన తేదీ మాత్రం మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు, కాబట్టి మెమో తేదీ తేలాకే వెళ్లాలి. ఆధార్, ఓటరు కార్డు లాంటి గుర్తింపు పత్రాల ఫోర్జరీని 337వ సెక్షన్ పేరు పెట్టి మరీ చెప్పింది. ఏడేళ్ల వరకు శిక్ష.

సర్టిఫికెట్లంటే భయపడే జనం రసీదులంటే భయపడరు. అసలు జాగ్రత్త పడాల్సింది అక్కడ. డబ్బు ముట్టినట్టు చెప్పే రసీదును ఫోర్జరీ చేయడం 338వ సెక్షన్‌లో, వీలునామా ఫోర్జరీ పక్కనే ఉంది. పదేళ్ల వరకు జైలు, లేదా యావజ్జీవం. చిన్న మెడికల్ షాపు బిల్లే కదా అనుకుంటాం.

రిటైరైన ఒక మాస్టారు మందుల బిల్లులు రీయింబర్స్‌మెంట్ కోసం తెచ్చారు. అన్నీ థర్మల్ కాగితం బిల్లులే. ఆ కాగితంలో సిరా ఉండదు. పైపూతలోని రసాయనాలు వేడి తగిలినచోట కలిసి నల్లబడతాయి, అవే అక్షరాలు. ఎండ, నూనె చెయ్యి, ప్లాస్టిక్ కవరు దేనికైనా అవి మళ్లీ వెలిసిపోతాయి. మాస్టారు వాటిని భద్రంగా ప్లాస్టిక్ కవరులోనే పెట్టారు పాపం. ఒక బిల్లులో మొత్తం ₹1,840. మొదటి ఒకటి పోతోందని ఇంట్లో బాల్‌పెన్నుతో దాని మీద దిద్దారు. నిజాయితీగానే. కానీ ఆ పెన్ను గీత కింద ఒకటి ఉందో, ఏమీ లేదో స్కానర్ చెప్పలేకపోయింది. మిగతా బిల్లులు కలర్ స్కాన్ చేసి `Levels` సర్దితే చదవడానికి వచ్చాయి. ఆ ఒక్కటే నా చేతిలో లేకుండా పోయింది. దిద్దకుండా తెచ్చి ఉంటే అదీ వచ్చేదేమో.

"మాస్టారూ, బిల్లు నంబరు, తేదీ కనిపిస్తున్నాయి. షాపులో సిస్టమ్‌లో ఉంటుంది, డూప్లికేట్ అడగండి," అన్నాను. మర్నాడే తెచ్చుకున్నారు. ఆయన దిద్దిన అంకె సరైనదే.

సరికాని అంకె వేస్తే ఎలా దొరుకుతుందో కూడా అదే బిల్లులో ఉంది. మొత్తం కింద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని రెండు సమాన భాగాలు, పైన ఒక్కో మందు ధర. మొత్తం ఒక్కటి మారిస్తే కూడిక తప్పుతుంది. కూడిక సరిచేయాలంటే ధర మార్చాలి, ధర మారిస్తే పన్ను మారాలి. అన్నీ మార్చినా షాపు లెక్కలో ఆ బిల్లు నంబరు దగ్గర పాత మొత్తమే ఉంటుంది. దిద్దిందెవరని వెతికినప్పుడు మా షాపు దాకా వస్తారు. దొంగ కాగితమని తెలిసి వాడినవాడికి, తయారుచేసినవాడికి ఎంత శిక్షో అంతే అని 340వ సెక్షన్ చెబుతుంది. "కస్టమరు చెయ్యమన్నాడు సార్" అంటే తయారుచేసింది నేనేనని ఒప్పుకున్నట్టు అవుతుంది, అంతే.

ఆ తండ్రీ కొడుకుల పని ఇంకోటి మిగిలింది, పాస్‌పోర్టు సైజు ఫొటో. వెనక గోడ తెల్లగా చేశాను, నీడ తీశాను. ముఖం జోలికి పోలేదు. కుర్రాడు స్క్రీన్ వైపు వేలు చూపించి, "అన్నా, ఈ బుగ్గ మీద పుట్టుమచ్చ తీసేయవా, ఫొటో నీటుగా ఉంటది," అన్నాడు.

పెళ్లి ఆల్బమ్ అయితే అడక్కుండానే తీసేస్తాను. పక్క విండోలో మెమో స్కాను ఇంకా తెరిచే ఉంది. పుట్టుమచ్చల వరుస చూపించాను. మొదటిది కుడి బుగ్గ మీద మచ్చే. రాసిన బోర్డుకు అది ఆ కుర్రాడి గుర్తు. ర్యాలీలో సర్టిఫికెట్లు చూసేవాళ్లు ఆ వరుస చదివి ముఖం వంక చూస్తారు, తర్వాత ఫొటో వంక చూస్తారు.

"ఉండనీరా, అదుంటేనే నువ్వని తెలుస్తది," అన్నాడు తండ్రి. మచ్చ అలాగే ఉంచి ఎనిమిది ఫొటోలు ప్రింటు తీసిచ్చాను.